పేరు రాయకపోయినా కనిపించే మనిషి



పోయిన వారం హాస్టల్ అద్దెల గురించి రాస్తే చాలామంది మాట్లాడారు. ఈ వారం రాసేది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఒక ఫొటో కింద రెండు లైన్లు. కానీ అశోక్‌నగర్‌లో, చిక్కడపల్లిలో రూములు పంచుకుని చదువుకునే మనకు ఆ రెండు లైన్లు ఎంత బరువో మీకు తెలుసు. ఇక్కడ ఒకరి స్టేటస్‌ను ఇంకొకరు టీ కొట్టు దగ్గర చదువుతారు. కోచింగ్ వేరైనా లైబ్రరీ ఒకటే, లైబ్రరీ వేరైనా మెస్ ఒకటే. ఇద్దరు విడిపోతే సాయంత్రానికల్లా నారాయణగూడ దాకా తెలిసిపోతుంది. ఆ తర్వాత వాళ్లు పెట్టే మొదటి ఫొటో కోసం అందరూ ఎదురుచూస్తారు. ఫొటో కోసం కాదు, దాని కింద ఏం రాస్తారో చూద్దామని.

నాకూ ఒక బంధం ముగిసింది. రెండున్నరేళ్లు. ఎందుకు ముగిసిందో ఇక్కడ రాయను. అతను నన్ను కొట్టలేదు, మోసం చెయ్యలేదు. ఇద్దరి ఇళ్ల మధ్య ఉన్న దూరం మా ఇద్దరి శక్తికి మించిందని మాత్రం చెప్తాను. కులం వేరు, ఊరు వేరు. అది మీకు కొత్త కథ కాదు. రెండు నెలలు నేను ఏమీ పోస్ట్ చెయ్యలేదు. తర్వాత ఒకరోజు పోస్ట్ చెయ్యాలనిపించింది. నేను కొంచెం ఎదిగానని నాకు తెలుస్తోంది, అది చెప్పుకోవాలి. అందులో అతను ఉండకూడదు. పేరే కాదు, నీడ కూడా ఉండకూడదు.

ఎందుకు ఉండకూడదో ముందు చెప్తాను.

మన బంధాలు చాలావరకు ఒక ఇంటికి తెలిసి ఇంకో ఇంటికి తెలియకుండా నడుస్తాయి. విడిపోయాక కూడా ఆ రహస్యం అవతలి మనిషికి అవసరమే. నేను రాసిన ఒక లైన్ స్క్రీన్‌షాట్ అయి వాళ్ల బాబాయి ఫోన్‌లోకి వెళ్తే ఏమవుతుందో నాకు తెలియదు. అదే అవతలి మనిషి అమ్మాయి అయితే ఆ భయం ఇంకా ఎక్కువ. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ని, 2022 మే 4న సరూర్‌నగర్‌లో నాగరాజుని చంపిన నేల ఇది. అవి పెళ్లిళ్లు, నాది విడిపోవడం. రెండూ ఒకటని అనను. కానీ కులం దాటిన ప్రేమ ఇక్కడ ఎవరి కంటపడుతుందో చూసుకుని మసలడం మనకు అలవాటైన జాగ్రత్త. ప్రేమ అయిపోగానే ఆ జాగ్రత్త అయిపోదు.

రెండో కారణం నా గురించి. అతను కనిపించేలా నేను ఎదుగుదల గురించి రాస్తే అది అతనికి రాసిన జవాబు అవుతుంది. చూశావా, నువ్వు లేకపోయినా బాగున్నాను అని. అప్పుడు నా ఎదుగుదలకు కొలబద్ద మళ్లీ అతనే. అది నాకు వద్దనిపించింది.

సరే, పేరు రాయకపోతే చాలదా? చాలదు. తెలుగులో మనిషి పేరులోనే ఉండడు. చిన్న చిన్న మాటల్లో దాక్కుంటాడు. నేను రాసి పక్కన పెట్టిన లైన్లు ఒక్కొక్కటి చూపిస్తాను.

మొదటిది: “మళ్లీ నవ్వుతున్నా.”

ఇందులో ఎవరూ లేరనిపిస్తుంది. కానీ “మళ్లీ” అనే మాట ఒంటరిగా రాదు. నవ్వు ఒకప్పుడు ఉండేది, మధ్యలో ఆగింది, ఇప్పుడు వచ్చింది అని మూడు కాలాలు వెంటబెట్టుకుని వస్తుంది. మధ్యలో ఎందుకు ఆగిందని చదివేవాళ్లు అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబుగా అతను వచ్చి కూర్చుంటాడు. “ఇప్పుడు”, “ఇక”, “ఎట్టకేలకు”, “ఇన్నాళ్లకు” అన్నీ ఇదే పని చేస్తాయి. “ఇప్పుడు నా జీవితం నా చేతుల్లో ఉంది” అంటే ఇంతకుముందు ఎవరి చేతుల్లో ఉందో చెప్పినట్టే.

రెండోది: “నాకు నేనే తోడు.”

ఇక్కడ దొంగ ఆ చివరి ఏత్వం. “నేను” వేరు, “నేనే” వేరు. “నేనే” అన్నప్పుడు పక్కన ఇంకొకరిని నిలబెట్టి, వాళ్లు కాదు అని చెప్తున్నాం. తోసేసే ముందు ఆ మనిషిని లోపలికి పిలవాలి కదా. “ఒంటరిగా”, “ఎవరూ లేకుండా”, “ఎవరి కోసమో కాదు” కూడా అంతే. లేరు అని చెప్పడానికి కూడా ముందు ఉన్నారని ఒప్పుకోవాలి.

మూడోది: “కొందరు పాఠాలు నేర్పడానికే వస్తారు.”

విడిపోయినవాళ్లు రాసే “కొందరు” ఎప్పుడూ ఒక్కరే. అది ఏకవచనానికి వేసిన ముసుగు. “వెళ్లిపోయినవాళ్లు” కూడా అంతే. ఆడా మగా తెలియకుండా దాస్తుంది కానీ, మనిషి ఉన్నారన్న సంగతిని మాత్రం దాచదు.

నాలుగోది మన సర్కిల్‌కు ప్రత్యేకం: “ఆత్మగౌరవం కంటే ఏదీ ఎక్కువ కాదు.”

దీని దగ్గర చాలాసేపు ఆగాను. మాట గొప్పది. మన ఉద్యమం మనకిచ్చిన మాట. కానీ దాన్ని ఒక సెల్ఫీ కింద పెడితే, నా గురించి తెలిసిన ప్రతివాళ్లూ ఒకటే చదువుతారు: వాడు ఈమెను కులం పేరుతో అవమానించాడు. అతను ఆ పని చెయ్యలేదు. చెయ్యని పనికి అతన్ని సగం మాటతో బోనెక్కించినట్టవుతుంది. నిజంగా చేసినవాళ్లను ఇదే మాటతో నిలదీయాల్సి వచ్చిన రోజు అది అరిగిపోయి ఉంటుంది. సంకెళ్లు, బానిసత్వం, విముక్తి లాంటి మాటలు కూడా సొంత బ్రేకప్ కింద పెట్టేముందు ఇది ఆలోచించాలి.

ఐదోది మాటల్లో శుభ్రంగా ఉంది: “కాచిగూడ నుంచి చిక్కడపల్లి దాకా నడిచి వచ్చా. బాగుంది.”

కాచిగూడ స్టేషన్ దగ్గర మా రూము. బర్కత్‌పురా, నారాయణగూడ మీదుగా సిటీ సెంట్రల్ లైబ్రరీకి రావాలి. పొద్దున్నే నడిస్తే నిజంగానే బాగుంటుంది. “మళ్లీ” లేదు, “నేనే” లేదు, “కొందరు” లేరు. మా రూమ్‌లో ఉండే చెల్లెకు చూపించాను. ఆమె నవ్వింది.

“అక్కా, నడిచి వచ్చిన అంటే అన్న బండి మీద దింపుతలేడనే గదా.”

తెలియనివాళ్లకు ఇందులో ఏమీ లేదు. తెలిసినవాళ్లకు మొత్తం ఉంది. రోజూ నన్ను లైబ్రరీ గేటు ముందు దింపి పోయిన బండి ఆ వాక్యంలో లేకుండానే ఉంది. అంటే మాటను చూస్తే సరిపోదు. ఆ పని ఇదివరకు ఎవరితో కలిసి చేసేదాన్నో కూడా చూడాలి. ఇద్దరం కలిసి చేసిన పనిని ఒక్కదాన్నే చేస్తున్నానని చెప్పడం, ఏ మాటల్లో చెప్పినా, అతని గురించి చెప్పడమే.

ఇక్కడ నాకు ఒక దారి దొరికింది. ఎదుగుదల చూపించాలంటే నిన్నకూ ఇవాళ్టికీ తేడా చూపించాలి. తేడా చూపించాలంటే గతం కావాలి. గతం వద్దనుకుంటే “హ్యాపీ”, “పీస్” లాంటి ఖాళీ మాటలే మిగులుతాయి. కాబట్టి గతం ఉండాలి. కానీ అది వేరే గతమై ఉండాలి. అతనికీ నాకూ మధ్య ఉన్న గతం కాదు. నాకూ ఒక పనికీ మధ్య ఉన్న గతం.

నాకు అలాంటిది ఒకటి ఉంది. గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఎస్సే పేపర్ ఉంటుందని మీలో రాసేవాళ్లకు తెలుసు. మూడు గంటలు, మూడు వ్యాసాలు, 150 మార్కులు. లెక్కకు వ్యాసానికో గంట. కానీ నాకు తెలిసిన విషయం కనబడితే చెయ్యి ఆగదు. మొదటి వ్యాసానికే గంటన్నర పోతుంది. రెండోది ఉరుకులు పరుగులు. మూడోదానికి ముందుమాట రాసేసరికి పేపర్ లాక్కుంటారు. అతన్ని కలవక ముందు నుంచీ నాకున్న జబ్బు ఇది. అతను ఉన్నప్పుడూ ఉంది. అతను పోయినందుకు తగ్గలేదు. ఈ రెండు నెలల్లో రోజూ గడియారం పెట్టుకుని రాస్తే తగ్గింది. ఒక ఆదివారం మాక్ టెస్ట్‌లో మూడో వ్యాసం ముగించి తలెత్తితే ఇంకా టైముంది.

అప్పుడు రాసింది ఇది: “ఈసారి మూడో వ్యాసం కూడా అయిపోయింది. ఇంకా పది నిమిషాలున్నయ్.”

ఇందులో “ఈసారి” ఉంది. అది “మళ్లీ”కి చెల్లెలే. “కూడా” ఉంది. రెండూ గతాన్ని పిలుస్తాయి. కానీ ఏ గతాన్ని? ఇంతకుముందు సార్లు మూడో వ్యాసం అవలేదన్న గతాన్ని. “ఎందుకు అవలేదు?” అని అడిగితే జవాబు పేపర్‌లోనే దొరుకుతుంది, మనిషి దగ్గరికి పోనక్కర్లేదు. కాబట్టి ఫలానా మాటలు వాడొద్దని పట్టిక రాసుకోవడం దండగ. ఆ మాట ఏ ప్రశ్నను లేపుతుంది, ఆ ప్రశ్నకు జవాబు ఎక్కడ దొరుకుతుంది అన్నదే చూడాలి.

ఆ పది నిమిషాలు చూడండి. అది కొలత. “చాలా మారిపోయాను” అంటే ఎంత, ఎప్పటినుంచి, ఎవరివల్ల అని జనం లెక్కలు కడతారు. పది నిమిషాలు అంటే ఇంక కట్టడానికి లెక్క లేదు. అయితే అంకె కూడా జాగ్రత్తగా ఎంచుకోవాలి. “రెండు నెలల కష్టం” అని రాయలేదు. ఎందుకంటే రెండు నెలలు వెనక్కి లెక్కపెట్టి ఏ రోజుకు చేరతారో నాకు తెలుసు.

మాట కుదిరాక మిగతావి ఉన్నాయి. క్యాప్షన్ అంటే అక్షరాలు మాత్రమే కాదు.

ఫొటో ముందు మాట్లాడుతుంది. రాసిన కాగితాల పక్కన చెయ్యి పెట్టి తీద్దామనుకున్నాను. చేతికి వాచీ ఉంది. అది ఎవరు కొన్నారో మా బెంచి మొత్తానికి తెలుసు. కాగితాలు, పెన్ను మాత్రమే తీశాను. పాట పెట్టలేదు. ఎంత మామూలు క్యాప్షన్ కిందైనా విరహం పాట పెడితే అది విరహమే. లొకేషన్ పెట్టలేదు. మేమిద్దరం కూర్చున్న చోటు పేరు ఒక్కటే చాలు, మిగతా కథ జనమే చెప్పుకుంటారు. అర్ధరాత్రి పెట్టలేదు, అతని పుట్టినరోజు వారంలో పెట్టలేదు. పాత ఫొటోలను అదే రోజు ఒక్కసారిగా తీసెయ్యలేదు. తీసెయ్యడం కూడా ఒక ప్రకటనే.

ఈ చివరి మాటకు మనందరికీ తెలిసిన ఉదాహరణ ఉంది. 2021 జూలై చివర్లో సమంత తన సోషల్ మీడియా ఖాతాల్లో పేరు తీసి ఒక్క అక్షరం పెట్టుకున్నారు. వాక్యం లేదు, కారణం లేదు. ఆ ఒక్క అక్షరం మీద వారాల తరబడి వార్తలు నడిచాయి. అక్టోబర్ 2న ఆమె, నాగచైతన్య విడిపోతున్నట్టు ప్రకటించారు. ఆ తర్వాత ఆమె ఏ కొటేషన్ పెట్టినా, జిమ్‌లో ఫొటో పెట్టినా అందులో ఆయన్ను వెతికినవాళ్లే ఎక్కువ. మనం సినిమావాళ్లం కాదు. కానీ మన వీధిలో మనకూ అలాంటి పాఠకులు ఉంటారు, ముప్పై మందో నలభై మందో. వెతకాలనుకున్నవాళ్లు ఖాళీ కాగితంలో కూడా వెతుక్కుంటారు. వాళ్లను ఆపడం ఏ క్యాప్షన్ వల్లా కాదు. వాళ్ల చేతికి మనం ఏమీ అందించకుండా ఉండడం వరకే మన పని.

పెట్టేముందు మూడు రకాలుగా చూసుకున్నాను.

లైబ్రరీలో నా ఎదుటి బల్ల మీద చదువుకునే, నా సంగతులేవీ తెలియని ఒకామెకు చూపించి “ఇది చదివితే నీకేమనిపిస్తుంది?” అని అడిగాను. “మీరు స్లోగా రాస్తారేమో అనిపిస్తుంది” అంది. ఆమెకు బ్రేకప్ తట్టలేదు.

మా రూమ్ చెల్లెకు చూపించాను. ఆమెకు అంతా తెలుసు. రెండుసార్లు చదివింది. “ఇండ్ల అన్న యాడ లేడక్కా” అంది. మొదటి పరీక్ష కంటే ఇది గట్టిది. తెలియనివాళ్లకు దొరక్కపోవడం తేలికే. తెలిసినవాళ్లకు కూడా దొరక్కపోతేనే నిజంగా లేనట్టు.

మూడోది నన్ను నేను అడుక్కున్నది. అతన్ని కలవక ముందు ఇదే పని సాధించి ఉంటే ఇదే వాక్యం రాసేదాన్నా? “మళ్లీ నవ్వుతున్నా” రాసేదాన్ని కాదు. “నాకు నేనే తోడు” రాసేదాన్ని కాదు. మూడో వ్యాసం గురించి మాత్రం అక్షరం మార్చకుండా రాసేదాన్ని. అయినా రెండు రోజులు ఆగాను. స్టోరీ పెట్టగానే ఎవరెవరు చూశారో ఆ జాబితాలో ఒక్క పేరు కోసం వెతుకుతానా అన్నది తేలాలి కదా. అలా వెతకాలని ఉంటే క్యాప్షన్ ఎంత శుభ్రంగా ఉన్నా అది అతనికి రాసిన ఉత్తరమే. రెండో రోజుకు ఆ ఆత్రం తగ్గింది. స్టోరీ వద్దనుకుని పోస్టే పెట్టాను. అక్కడ ఎవరు చూశారో పేర్లు కనబడవు.

కామెంట్ల గురించి కూడా చెప్పాలి. మన జాగ్రత్తంతా అక్కడ ఒక్క నిమిషంలో కొట్టుకుపోగలదు. ప్రేమతోనే ఎవరో ఒకరు “స్ట్రాంగ్ ఉమన్”, “పోగొట్టుకున్నవాళ్లకే నష్టం” అని రాస్తారు. మనం లేకుండా చేసిన మనిషిని వాళ్లు చెయ్యిపట్టి తీసుకొచ్చి ఫొటో పక్కన నిలబెడతారు. దానికి లవ్ కొట్టినా, “థాంక్యూ రా” అన్నా మనం ఒప్పుకున్నట్టే. నాకు అలాంటిది ఒకటి వచ్చింది. కామెంట్ తీసేసి, ఆ అక్కకు విడిగా ఫోన్ చేశాను. “అక్కా, నీ ప్రేమ తెలుసు. అక్కడ వ్యాసం ముచ్చటే ఉండనియ్” అన్నాను. ఆమె అర్థం చేసుకుంది.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఇదంతా మామూలుగా, ఎవరి మీదా నేరం లేకుండా విడిపోయినవాళ్ల గురించి. కొట్టినవాడి గురించి, కులం పేరుతో తిట్టినవాడి గురించి, ఫొటోలు చూపించి బెదిరించేవాడి గురించి కాదు. అలాంటివాణ్ని దాచే బాధ్యత ఏ చెల్లెలికీ, ఏ తమ్ముడికీ లేదు. కానీ అక్కడ కూడా గుట్టు క్యాప్షన్ పనికిరాదు. సూచన వల్ల ఫిర్యాదు నమోదు కాదు, విచారణ జరగదు. వాడు జాగ్రత్తపడి చాట్‌లు తుడిచేసుకోవడానికి మాత్రం టైము దొరుకుతుంది. అక్కడ కావాల్సింది తేదీలు, స్క్రీన్‌షాట్లు, పేరు. 181 ఉంది, షీ టీమ్స్ ఉన్నాయి, కులం పేరుతో జరిగితే 1989 నాటి అట్రాసిటీ చట్టం ఉంది, వెంట రావడానికి మనం ఉన్నాం. చెప్పాల్సిన నేరం ఉంటే పేరు పెట్టి చెప్పాల్సిన చోట చెప్పాలి. నేరం లేకపోతే మనిషిని వదిలెయ్యాలి. సగం చెప్పి సగం మింగే క్యాప్షన్ ఈ రెండింటిలో ఏదీ చెయ్యదు.

పోస్ట్ పెట్టాక ఏమైందని అడుగుతారు. పెద్దగా ఏమీ కాలేదు. లైకులు మామూలుగానే వచ్చాయి. అతను చూశాడో లేదో తెలియదు. గ్రూప్-1కి మొదటిసారి రాయబోతున్న ఒక తమ్ముడు మాత్రం కింద అడిగాడు: “అక్కా, నాక్కూడా మూడోది అయితలేదు. గంటను ఎట్ల పంచుకుంటున్నవ్?”

అతనికి రాసిన జవాబే ఇక్కడా రాస్తున్నాను, మీలో ఇంకొకరికి పనికొస్తుంది. మొదటి ఎనిమిది నిమిషాలు పెన్సిల్‌తో పాయింట్లు రాసుకో. తర్వాత నలభై ఐదు నిమిషాలు రాయి. యాభై మూడో నిమిషానికి ఎక్కడున్నా సరే ముగింపులోకి రా. మూడు నాలుగు నిమిషాలు ముగింపుకు. అక్కడితో ఆపి తర్వాతి వ్యాసానికి పేజీ తిప్పు. వ్యాసానికి మూడేసి నిమిషాలు మిగిల్తే మూడింటికి దగ్గర దగ్గర పది అవుతాయి. బాగా తెలిసిన విషయాన్ని రెండోదిగా రాయి, మొదటిదిగా కాదు. మొదట రాస్తే ఆపలేవు.

వచ్చే వారం మెస్ బిల్లుల గురించి మాట్లాడుకుందాం. మీ మెస్ పేరు చెప్పొద్దు, రేటు మాత్రం రాసి పంపండి.